మడమకు యూరియా, మీద షియా వెన్న

మందుల షాపులో పాదాల క్రీము ట్యూబు తిప్పి చూసిన రైతు ఎవరైనా ఒక్క క్షణం ఆగుతాడు. వెనకవైపు చిన్న అక్షరాల్లో యూరియా అని ఉంటుంది. వరి మడిలో చల్లే యూరియాయేనా, కాళ్లకు రాసుకునేది కూడా? అవును, పదార్థం ఒక్కటే. మనం తిన్న పప్పులోని, గుడ్డులోని మాంసకృత్తులు ఖర్చయ్యాక మిగిలే నత్రజనిని మన కాలేయం కూడా యూరియాగానే మార్చి, మూత్రంలోకీ కొంత చెమటలోకీ పంపిస్తుంది. 1828లో ఫ్రెడరిక్ వోలర్ అనే జర్మన్ రసాయన శాస్త్రవేత్త దాన్ని ప్రయోగశాలలో తయారుచేశాడు. ఇప్పుడు అమ్మోనియా, కార్బన్ డయాక్సైడ్ కలిపి ఫ్యాక్టరీల్లో తయారుచేస్తున్నారు. మన రామగుండంలో జరిగేదీ అదే.

అలాగని బస్తాలోంచి గుప్పెడు తీసి నీళ్లలో కలుపుకోవద్దు. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియా ఎరువుకంతటికీ వేపనూనె పూత వేస్తున్నారు. తయారీలో మిగిలిపోయే మలినాలూ అందులో ఉంటాయి. అవి పంటకు పట్టించుకోదగ్గవి కాకపోవచ్చు గానీ పగిలిన మడమకు మంచివి కావు. పైగా ఎంత కలిపామో, ఎంత శాతం అయిందో ఇంట్లో తేలదు. ఈ క్రీముల్లో అసలు కథంతా ఆ శాతంలోనే ఉంది.

అది తెలియాలంటే ముందు మడమ సంగతి చూడాలి. ఒంటి మీద చాలాచోట్ల చర్మంలో నూనె గ్రంథులుంటాయి. అరచేతుల్లోనూ అరికాళ్లలోనూ అవి అసలు లేవు. చెమట గ్రంథులు మాత్రం దండిగా ఉన్నాయి. అంటే అక్కడి చర్మానికి నీరు బయటికి పోయే దారి ఉంది కానీ, దాన్ని ఆపే సొంత నూనె లేదు. చర్మం పైపొర చచ్చిన కణాల వరుసలతో తయారవుతుంది. ముంజేతి మీద ఎన్ని వరుసలుంటాయో మడమ దగ్గర అంతకు నాలుగైదు రెట్లు ఉంటాయి. మనిషి నిలబడగానే మడమ కింది కొవ్వు మెత్త పక్కలకు ఉబ్బుతుంది. చుట్టూ ఉన్న మందపు చర్మం ఆ ఉబ్బుకు తగ్గట్టు సాగాలి. తడి ఉంటే సాగుతుంది, లేకపోతే అంచు దగ్గర పగులుతుంది. పగుళ్లు మడమ వెనకా పక్కలా వచ్చి, అరికాలి మధ్యలో రాకపోవడానికి కారణం ఇదే. వెనక పట్టీ లేని చెప్పులు వేసుకునేవాళ్లలో, బరువున్నవాళ్లలో, రోజంతా నిలబడి పనిచేసేవాళ్లలో ఎక్కువగా కనిపించడానికీ ఇదే కారణం.

ఇక్కడ మన ఇళ్లలో పాతుకుపోయిన ఒక నమ్మకాన్ని కదిలించాలి. పగుళ్లంటే నూనె తక్కువని అనుకుంటాం. పొడి మడమకు కొబ్బరినూనె పట్టిస్తాం, ఆముదం పట్టిస్తాం. అమెరికాలో ఇర్విన్ బ్లాంక్ అనే పరిశోధకుడు 1952లో ఒక చిన్న పని చేశాడు. ఎండి గట్టిపడిన ఆనెకాయ చర్మం ముక్కల్ని నూనెల్లో నానబెట్టాడు. అవి గట్టిగానే ఉండిపోయాయి. నీళ్లు తగిలిన ముక్కలు మెత్తబడి వంగాయి. గాలి తగిలిన అప్పడం ఎలా మెత్తబడుతుందో పైచర్మమూ అలాగే మెత్తబడుతుంది. దానికి కావలసింది తేమ. లోపల ఉన్న తేమను పోనివ్వకుండా ఆపడమే నూనె చేసే పని. లోపల తేమే లేనప్పుడు నూనె దేన్ని ఆపుతుంది? మన అమ్మమ్మలు స్నానమయ్యాక, కాళ్లింకా చెమ్మగా ఉండగానే నూనె రాసుకునేవారు. ఆ వేళలోనే సగం వైద్యం ఉంది. నూనెను మాత్రం గుర్తుపెట్టుకుని వేళను మనం మర్చిపోయాం.

తేమను పట్టి ఉంచే సరుకు చర్మం పైపొరలోనే కొంత ఉంటుంది. అందులో ఎక్కువ పాలు అమైనో ఆమ్లాలది, యూరియా వాటా సుమారు ఏడు శాతం. సబ్బునీళ్లలో మళ్లీ మళ్లీ నానితే ఈ సరుకంతా కరిగి కొట్టుకుపోతుంది. క్రీములో యూరియా పెట్టడమంటే పోయినదాన్ని బయటినుంచి తిరిగివ్వడమే. ఐదు నుంచి పది శాతం దాకా ఉన్నప్పుడు అది చేసేది ఈ ఒక్క పనే, నీటిని పట్టుకోవడం. పది దాటి ఇరవై, ఇరవై ఐదుకు వెళ్తే పని మారుతుంది. చచ్చిన కణాల్లోని కెరటిన్ అనే మాంసకృత్తి పోగుల్ని బిగించి ఉంచే బంధాలను యూరియా సడలిస్తుంది. గట్టిపొర వదులై, రుద్దితే ఊడిరావడం మొదలవుతుంది. నలభై శాతానికి వచ్చేసరికి మందపు ఆనెకాయల్నీ, శిలీంధ్రం పట్టి లావెక్కిన గోళ్లనీ కూడా మెత్తబరుస్తుంది. నలభై శాతం యూరియాను సౌందర్య సాధనంగా చూడకూడదు. అది మందు. డాక్టరు చెప్పిన చోట, చెప్పినన్ని రోజులు మాత్రమే వాడాలి.

శాతం పెరిగేకొద్దీ మంట కూడా పెరుగుతుంది. పగులు లోతుగా ఉండి ఎర్రటి చర్మం కనబడుతున్నప్పుడు యూరియా తగిలితే భగ్గుమంటుంది. చాలామంది ఇది నాకు పడదు అనుకుని ట్యూబు మూల పడేసేది ఈ మంట వల్లే. పడకపోవడం వేరు, పుండు మీద రాసుకోవడం వేరు. దద్దురు, దురద, రాసిన చోటు దాటి పాకే ఎరుపు ఉంటే పడలేదని అర్థం. పగులులో మాత్రమే మండి కాసేపటికి తగ్గిపోతే, ముందు ఆ పగులు మూసుకోవాలి.

దాన్ని మూసే పనికి షియా వెన్న, వ్యాజలైన్ లాంటివి కావాలి. షియా చెట్టు ఆఫ్రికాది. సహారా ఎడారికి దక్షిణంగా సెనెగల్ నుంచి తూర్పున ఉగాండా దాకా ఉన్న మెట్టనేలల్లో పెరుగుతుంది. సపోటా, మన అడవుల్లోని ఇప్ప, ఈ షియా మూడూ ఒకే వృక్ష కుటుంబానివి. ఇప్ప గింజల నూనె చలికి గడ్డకట్టడం ఆదిలాబాద్ ప్రాంతం వాళ్లకు తెలిసిన సంగతే. షియాది మరికాస్త గట్టి గడ్డ. ఘానా, బుర్కినా ఫాసో, మాలి పల్లెల్లో ఆడవాళ్లు రాలిన కాయలు ఏరి, గింజలు ఉడికించి, ఎండబెట్టి, పెంకు కొట్టి, పప్పు వేయించి ముద్దగా నూరతారు. ఆ ముద్దలో నీళ్లు పోసి చేత్తో గంటల తరబడి చిలికితే కొవ్వు పైకి తేలుతుంది. దాన్ని మరిగించి వడగడితే వెన్న. 1790ల్లో ఆ ప్రాంతాల్లో తిరిగిన మంగో పార్క్ అనే స్కాట్లాండ్ యాత్రికుడు దీని గురించి రాశాడు. అందుకే సౌందర్య సాధనాల లేబుళ్ల మీద ఈ వెన్నను ఈనాటికీ ‘బ్యుటిరోస్పెర్మమ్ పార్కీ’ అనే రాస్తారు. ఆఫ్రికా నుంచి ఎగుమతయ్యే షియాలో పెద్ద వాటా క్రీములకు పోదు, చాక్లెట్లలో కోకో వెన్నకు తోడుగా కలుస్తుంది.

షియాలో ముఖ్యంగా రెండు కొవ్వు ఆమ్లాలున్నాయి. స్టియరిక్ దాన్ని గడ్డకట్టిస్తుంది, ఓలియిక్ పరుచుకునేలా చేస్తుంది. రెండూ కలవడం వల్ల షియా చలిలో గట్టిగా ఉండి, ఒంటి వేడి తగలగానే కరుగుతుంది. మడమ మీద పూత పట్టి కూచుంటుంది కానీ వ్యాజలైన్ అంత జిడ్డు అనిపించదు. నీటిని ఆపడంలో మాత్రం వ్యాజలైనే బలమైనది, ధరా తక్కువ. నా దృష్టిలో షియాకు మనం అదనంగా ఇచ్చే డబ్బు సుఖానికి ఇచ్చేదే. రాసుకోవడం హాయిగా ఉంటే మనిషి రోజూ రాసుకుంటాడు కాబట్టి ఆ సుఖానికీ విలువుంది. వ్యాజలైన్ జిడ్డు భరించగలిగినవాళ్లు షియా కోసం వెతుక్కోనక్కరలేదు.

ట్యూబు ముందువైపు షియా కాయ బొమ్మ వేసి, లోపల చిటికెడు మాత్రమే వేయడం మార్కెట్లో మామూలే. ఇది పట్టుకోవడానికి ఒక సులువుంది. పదార్థాల జాబితాను ఎక్కువ ఉన్నదాని నుంచి తక్కువ ఉన్నదాని వరకు వరుసగా రాస్తారు. దాదాపు ప్రతి క్రీములోనూ పాడవకుండా ఏదో ఒక మందు వేస్తారు. అందులో తరచూ కనిపించేది ఫినాక్సీఇథనాల్. దానికి ఒక శాతం పరిమితి ఉంది. కాబట్టి షియా పేరు దాని తర్వాత కనిపిస్తే ఆ ట్యూబులో షియా ఒక శాతానికి మించదు. నీళ్లు, గ్లిజరిన్ తర్వాత మొదటి ఐదారు పేర్లలో ఉంటే ఏదో పని చేసేంత ఉందని అనుకోవచ్చు. యూరియాకు ఇంత వెతుకులాట అక్కరలేదు, శాతం అంకెల్లోనే ఉండాలి. పాదాల పగుళ్లకని అమ్ముతూ, యూరియా ఉందని చెప్పి, ఎంతో చెప్పని ట్యూబును నేనైతే కొనను. పిప్పరమెంటు చల్లదనం ఉన్నంత మాత్రాన మడమ మెత్తబడదు.

చేతుల క్రీము, కాళ్ల క్రీము వేరుగా అమ్మడం కేవలం వ్యాపారమేనా అంటే, పూర్తిగా కాదు. చేతి వెనక చర్మం పల్చన. అక్కడ ఇరవై శాతం యూరియా చురుక్కుమంటుంది. చేత్తో ఫోను పట్టుకోవాలి, పిండి కలపాలి, కాబట్టి షియా ఎక్కువైతే చిరాకు. పైగా చేతులు రోజుకు పదిసార్లు కడుగుతాం, రాసింది నిలవదు. అందుకని చేతికి గ్లిజరిన్, ఐదు శాతం దాకా యూరియా, కాస్త షియా ఉన్న తేలిక క్రీము చాలు, కానీ తరచూ రాయాలి. కాలికి రాత్రి ఒక్కసారి రాస్తే తెల్లారేదాకా ఉంటుంది, కాబట్టి చిక్కటిదే మేలు. చేతుల క్రీము మడమకు రాస్తే నష్టం లేదు, కానీ మందపు పొరకు ఆ బలం సరిపోదు. మడమ క్రీమును చేతికి రాసుకోవడం మాత్రం వద్దు.

హనుమకొండలో టిఫిన్ సెంటరు నడిపే ఒక యాభై ఏళ్ల ఆవిడ సంగతి అనుకుందాం. తెల్లవారుజామున నాలుగింటి నుంచి మధ్యాహ్నం దాకా షాబాదు బండల మీద ఉత్తకాళ్లతో నిలబడుతుంది. ఆ బండల్ని రోజుకు రెండుమూడుసార్లు సబ్బునీళ్లతో కడుగుతారు. సంక్రాంతి రోజుల్లో రెండు మడమలూ పగిలాయి, కుడి మడమలో ఒక పగులు నెత్తురు కారుతోంది. ఆవిడకు షుగరు లేదు, కాళ్లలో స్పర్శ బాగుంది.

మొదటి నాలుగైదు రోజులు యూరియా జోలికి పోకూడదు. రాత్రి పని ముగిశాక గోరువెచ్చని నీళ్లలో పది నిమిషాలు కాళ్లు పెట్టాలి. అంతకన్నా ఎక్కువసేపు, వేడినీళ్లలో నానిస్తే ఉన్న తేమ పట్టే సరుకు కూడా పోతుంది. మెత్తటి గుడ్డతో అద్ది, చెమ్మ ఆరకముందే పగుళ్లలోకి వ్యాజలైన్ గానీ షియా ఎక్కువున్న గడ్డ క్రీము గానీ కూరినట్టు రాసి, నూలు సాక్సులు తొడుక్కోవాలి. నెత్తురు ఆగి, పగులు అడుగున ఎరుపు పోయాక యూరియా మొదలవుతుంది. ఇరవై లేక ఇరవై ఐదు శాతం ఉన్నది, మడమ చుట్టూ గట్టిబడిన అంచుకు మాత్రమే రాయాలి. పాదం మధ్య వంపులోని చర్మం పల్చన, అక్కడికి రానివ్వకూడదు. ఐదు నిమిషాలాగి పైన వ్యాజలైన్ గానీ షియా గానీ పూత వేయాలి. లోపలికి తేమ, దాని మీద మూత.

ఎంత రాయాలన్నదే ఎక్కువమంది తప్పేది. ట్యూబు నుంచి చూపుడువేలి కొన మొదలు మొదటి గీత దాకా పిండితే వచ్చేది సుమారు అర గ్రాము. చర్మవైద్యులు దాన్నే కొలతగా వాడతారు. ఒక పాదం మొత్తానికి ఇలాంటివి రెండు కావాలి, మడమ చుట్టూ మాత్రమే అయితే ఒకటి. అంటే ఈవిడకు రెండు మడమలకు రాత్రికి ఒక గ్రాము. ముప్పై గ్రాముల ట్యూబు నెలకు అయిపోవాలి. మూడు నెలలు వచ్చిందంటే పొదుపు అనుకోనక్కరలేదు, సరిపడా రాయలేదన్నమాట.

వారానికి రెండుసార్లు, కాళ్లు నానాక, గరుకు రాయితో తేలిగ్గా రుద్దాలి. బ్లేడు పెట్టి కోయడం, పొడిగా ఉన్నప్పుడు గీకడం వద్దు. కోసినకొద్దీ చర్మం మరింత మందంగా పెరుగుతుంది, చెయ్యి జారితే పుండు. బండల మీద వెనక మూసిన రబ్బరు చెప్పులు వేసుకోవాలి. ఈ ఒక్క మార్పు లేకపోతే క్రీము రాత్రి కట్టినదాన్ని పగలు బండలు మళ్లీ విప్పేస్తాయి. వారంలో అంచు మెత్తబడటం తెలుస్తుంది, చిన్న పగుళ్లు పూడటానికి రెండు నుంచి నాలుగు వారాలు పట్టొచ్చు. తర్వాత పది శాతం క్రీముకు దిగి రాత్రి విడిచి రాత్రి రాసుకుంటే చాలు. గిన్నెల నీళ్లలో నలిగిన చేతులకు, ప్రతి కడుగుకూ కాకపోయినా, పని విడతలు ముగిసినప్పుడల్లా తేలిక క్రీము రాసుకోవాలి. గిన్నెలు తోమేటప్పుడు గ్లవ్స్ ఉంటే ఇంకా మంచిది.

ఇదే ఆవిడ జూలైలో ఇదంతా చేయనక్కరలేదు. చలిగాలిలో నీటి ఆవిరి తక్కువ, అది చర్మం నుంచి లాక్కుంటుంది. యూరియా గానీ గ్లిజరిన్ గానీ మూత లేకుండా ఒంటరిగా ఉంటే ఎండుగాలికి పట్టిన నీటిని నిలుపుకోలేదు. అందుకే కార్తీకం నుంచి చలి శివశివా అని పోయేదాకా యూరియా మీద కొవ్వు పూత తప్పనిసరి. బకెట్లో పొగలు కక్కే నీళ్లు పోసుకునే అలవాటు ఈ నెలల్లో మానలేం కానీ, తుడుచుకున్న రెండుమూడు నిమిషాల్లోపే క్రీము రాసుకోగలం.

ఎండాకాలం మన రాష్ట్రాల్లో రెండు రకాలు. రామగుండంలో, రాయలసీమలో వడగాలి పొడిగా ఉంటుంది. అక్కడ మడమకు ఏప్రిల్‌లో కూడా యూరియా కావాలి, ఏసీ గదిలో పనిచేసే చేతులకూ కావాలి. విశాఖలో, కాకినాడలో ఉక్కపోత. అక్కడ పగలు షియా రాస్తే చెమట, జిడ్డు కలిసి టైల్స్ మీద కాలు జారడమే మిగులుతుంది. పది శాతం యూరియా లోషను రాత్రిపూట సరిపోతుంది. ఈ కాలంలో షియా డబ్బా కరిగి మళ్లీ గడ్డకట్టి లోపల ఇసుకరవ్వల్లాంటివి తగులుతాయి. నెమ్మదిగా చల్లారినప్పుడు స్టియరిక్ కొవ్వు స్ఫటికాలుగా విడిపోవడం వల్ల అలా అవుతుంది. పాడైనట్టు కాదు, అరచేతిలో నలిపితే కరుగుతాయి. పాత నూనె వాసన వస్తే మాత్రం పారేయాలి. యూరియా క్రీముకు ఎండ ఇంకో రకంగా చేటు. వేడికి యూరియా మెల్లగా విడిపోయి అమ్మోనియా వస్తుంది. మూత తీయగానే ఘాటు కొట్టిందంటే ఆ ట్యూబు పని అయిపోయినట్టే. కారు డాష్‌బోర్డు మీద, వంటింటి కిటికీలో పెట్టకూడదు.

వానాకాలంలో సమస్య తిరగబడుతుంది. నాట్లకు దిగిన ఆడకూలీల పాదాలకు తేమ తక్కువై కాదు, ఎక్కువై బాధ. చర్మం తెల్లగా నాని, వేళ్ల సందుల్లో పొర లేచి పుండు పడుతుంది. అక్కడ యూరియా రాస్తే మరింత నానబెట్టినట్టే. మడిలోకి దిగే ముందు పలచగా వ్యాజలైన్ పూసుకుంటే నీరు కొంత ఆగుతుంది. ఇంటికొచ్చాక కడుక్కుని, వేళ్ల సందులు పొడిగుడ్డతో తుడిచి, క్రీము మడమకు మాత్రమే రాయాలి. ఏ కాలంలోనైనా వేళ్ల సందుల్లోకి క్రీము వెళ్లకూడదు.

చికాగోలోనో టొరంటోలోనో ఉన్న మనవాళ్లకు చలికాలం గదిలోపలే ఉంటుంది. హీటరు వేడెక్కించిన గాలి ఎంత పొడిగా ఉంటుందంటే, ఇక్కడ ఎన్నడూ మడమ పగలనివాళ్లకు కూడా అక్కడ మొదటి ఏడాదే పగులుతుంది. వాళ్లు సూట్‌కేసులో ఇక్కడి తేలిక లోషన్లు తీసుకెళ్లడం దండగ.

క్రీముతో తేలనివి కొన్ని ఉన్నాయి. షుగరు ఉండి కాళ్లలో స్పర్శ తగ్గినవాళ్లు లోతు పగులును పుండుగానే చూడాలి. పది శాతం యూరియా క్రీము వాళ్ల పొడి పాదాలకూ మంచిదే, కానీ ఘాటైనవి, గరుకు రాళ్లు, వేడినీళ్లలో నానబెట్టడాలు వద్దు; కాలిందో తెగిందో వాళ్లకు తెలియదు. ఇంకొకటి, పొడిబారినట్టే కనిపించే శిలీంధ్ర వ్యాధి. అరికాలంతా సున్నం పొడి చల్లినట్టు పొట్టు లేస్తుంది, చర్మపు గీతల్లో తెల్లగా మెరుస్తుంది. దురద ఉండొచ్చు, ఉండకపోవచ్చు. చాలాసార్లు రెండు కాళ్లకూ, ఒక్క అరచేతికీ వస్తుంది. రెండు అరచేతుల్లో ఒకటే పొట్టు లేస్తుంటే, గోరు ఒకటి పసుపుపచ్చగా లావెక్కి ఉంటే, నెల రోజులు యూరియా రాసినా పొట్టు తగ్గకుంటే అనుమానించాలి. అప్పుడు షాపులో అడిగి స్టెరాయిడ్ కలిసిన ట్యూబు రాసుకుంటే ఎరుపు తగ్గి, లోపల శిలీంధ్రం పాకుతుంది. చర్మవైద్యుడు కాస్త పొట్టు గీకి, గాజుపలక మీద పొటాషియం హైడ్రాక్సైడ్ చుక్క వేసి మైక్రోస్కోపు కింద పెడితే, చాలాసార్లు శిలీంధ్రపు దారాలు అక్కడికక్కడే కనిపిస్తాయి.